తొమ్మిది అంతస్తుల టవరు బొమ్మను ఏఐతో తిరిగి గీయించవచ్చా?

మహేంద్రగిరి (బరంపురం)
అస్కా రోడ్డులో పెట్టే ఫ్లెక్సీ కోసం స్టిల్టు మీద తొమ్మిది అంతస్తుల టవరును బ్లెండర్‌లో చేశాను. బేసి అంతస్తుల్లో పెద్ద బాల్కనీ ఎడమవైపు ఉంటుంది, సరి అంతస్తుల్లో కుడివైపు. రెండర్ చప్పగా ఉందని ఏఐ సాధనంతో మొత్తం తిరిగి గీయించాను, Denoising strength 0.55. బొమ్మ కళకళలాడుతోంది కానీ ఎడమ మూలలో లెక్కపెడితే పది అంతస్తులు, కుడి మూలలో తొమ్మిది. ఇలా గీయించడమే తప్పా, నా అమరిక తప్పా?

వంశధార (గుణుపురం)
అమరికే తప్పు. 0.55 చాలా ఎక్కువ, 0.3కు దించండి. వర్ణనలో తొమ్మిది అంతస్తులని స్పష్టంగా రాయండి. గీతల ఆధారంగా నడిపించే ControlNet కూడా తగిలిస్తే భవనం కదలదు. నేను ఏడాదిగా ఇలాగే చేస్తున్నాను, ఎవరూ తప్పు పట్టలేదు.

రుషికుల్య (బరంపురం)
వంశధార గారూ, 0.3 మాట కొంతవరకు నిజమే. అంత తక్కువలో శ్లాబులు సాధారణంగా ఉన్నచోటే ఉంటాయి. తొమ్మిదని రాయడం మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఆ సాధనం కింది నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడుతూ గీయదు. చుట్టుపక్కల ఉన్నదానికి పొసిగేలా ప్రతి చోటునూ నింపుతుంది. ఎడమ మూలలో పొసగడం వేరు, కుడి మూలలో పొసగడం వేరు. రెండింటినీ కలిపి చూసి లెక్క సరిచేసే పని అందులో లేదు.

గీతల విషయంలో అసలు చిక్కు కొలతలో ఉంది. మహేంద్రగిరి గారి బొమ్మ ఎత్తు 1024 పిక్సెళ్లు అనుకుందాం. స్టిల్టు 3 మీటర్లు, తొమ్మిది అంతస్తులు 27, పిట్టగోడ 1, మొత్తం 31 మీటర్లు. అది 620 పిక్సెళ్లలో ఒదిగితే మీటరుకు 20, అంతస్తుకు 60. బాల్కనీ శ్లాబు అంచు 15 సెంటీమీటర్లు, అంటే 3 పిక్సెళ్లు. రెయిలింగు ఊచ ఒక పిక్సెల్ కూడా ఉండదు. Stable Diffusion తరహా సాధనాలు పని మొదలుపెట్టే ముందు బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల గడులుగా కుదిస్తాయి. ఒక గడి అంటే ఇక్కడ 40 సెంటీమీటర్ల గోడ. శ్లాబు అంచుకు సొంత గడి కూడా దక్కదు. అంతస్తును అంతస్తు నుంచి విడదీసే గీతే అంత బలహీనంగా ఉన్నప్పుడు, ఒకటి ఎక్కువైనా తక్కువైనా బొమ్మ అతుకు లేకుండా వచ్చేస్తుంది.

మహేంద్రగిరి గారూ, మీ కెమెరా నిటారుగా ఉందా, పైకి వంచారా? ఎడమ మూలలో శ్లాబు నుంచి శ్లాబుకు ఎన్ని పిక్సెళ్లో కొలిచి పెట్టండి.

ప్రాణహిత (సిరోంచా)
అంతస్తులు పెరిగితే ముందు మంజూరైన ప్లానులో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి కదా? నేను చంద్రపూర్‌లో ఫ్లాటు కొన్నాను. బ్రోచర్ బొమ్మలో మా బాల్కనీ పైన మరో బాల్కనీ లేదు, ఆకాశమే కనిపించేది. పూలకుండీలు పెట్టుకోవచ్చని మా ఆవిడ ఆ ఫ్లాటే కోరుకుంది. ఇల్లు చేతికొచ్చాక చూస్తే పైవాళ్ల శ్లాబు సరిగ్గా మా నెత్తిమీద ఉంది, మధ్యాహ్నమైనా ఎండ పడదు. బిల్డరును అడిగితే అది ఊహాచిత్రం అన్నాడు.

రుషికుల్య
ప్రాణహిత గారూ, ఇక్కడ ప్లానులో తొమ్మిదే ఉన్నాయి, తప్పు బొమ్మలో వచ్చింది. కానీ మీ అనుభవం ఈ చర్చకు చాలా దగ్గరది. బాల్కనీలు ఎడమ, కుడి మారుతూ ఉంటే ఒకదాని పైన రెండంతస్తుల ఖాళీ వస్తుంది, కొనేవారు దానికే డబ్బు పెడతారు. 2016 రెరా చట్టం 12వ సెక్షను ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి నష్టపోయినవారికి పరిహారం అడిగే హక్కు ఇస్తుంది. మీ పత్రాలు ఒకసారి వకీలుకు చూపించండి.

కొల్లాబు (జయపురం)
ఒక్క రెయిలింగు కోసం ఇంత భయం అవసరమా? దారిన పోయేవాడు ఫ్లెక్సీని మూడు సెకన్లు చూస్తాడు. చచ్చిన రెండర్ పెడితే ఆ మూడు సెకన్లు కూడా చూడడు. వెలుగు, చెట్లు, మనుషులు ఉంటేనే అక్కడ బతకాలనిపిస్తుంది.

మహేంద్రగిరి
కొల్లాబు అన్నా, బుకింగు ఆఫీసులో మావాళ్లు ఆ బొమ్మ మీదే వేలు పెట్టి "ఇదీ మీ ఇల్లు" అని చూపిస్తారు. కొనేవాళ్లు కింది నుంచి ఒక్కొక్కటే లెక్కపెడతారు. నాకు భయం అక్కడే.

రుషికుల్య గారూ, కెమెరా నిటారుగానే ఉంది, టవరు చట్రంలోకి రావడానికి Shift Y వాడాను. ఎడమ మూలలో ఆరో అంతస్తు వరకు ఒక్కొక్కటి 60 పిక్సెళ్లు. ఆ పైన నాలుగూ 50 చొప్పున ఉన్నాయి.

రుషికుల్య
కెమెరా నిటారుగా ఉంటే ఒకే నిలువు అంచు మీద సమానమైన అంతస్తులు బొమ్మలోనూ సమానంగా పడాలి. పైకి వంచితేనే పైవి చిన్నవవుతాయి. కాబట్టి 50 అన్నది దృష్టిభేదం కాదు. పైన మూడు అంతస్తులకు ఉండాల్సింది 180. మీకు నాలుగు కలిపి 200 వచ్చాయి. ఎక్కువైన 20 పిక్సెళ్లు సరిగ్గా ఒక మీటరు, రెయిలింగు ఎత్తు. ఏఐకి ఇవ్వకముందు రెండర్‌లో ఎడమ మూల పిట్టగోడను దగ్గరగా చూడండి.

మహేంద్రగిరి
చూశాను. పిట్టగోడ ముందు పదో బాల్కనీ ఉంది! దాని రెయిలింగు, పిట్టగోడ ఒకే ఎత్తు కావడంతో కలిసిపోయి కనిపించలేదు. ఎడమ ముఖానికి బేసి, సరి రెండు బాల్కనీలను జతగా చేసి Array పెట్టాను. Count 4 అయితే ఎనిమిదే వస్తాయని 5 పెట్టాను. పదోది తీసేయాలనుకొని మరిచాను. కుడి ముఖం ఒక్కొక్కటిగా చేశాను, అందుకే అక్కడ తొమ్మిదే.

వంశధార
చూశారా, ఏఐ తప్పేమీ లేదు. ఉన్న బాల్కనీకి వెనక గది కల్పించింది.

రుషికుల్య
మొదటి తప్పు మోడలుది, ఒప్పుకుంటాను. గది కల్పించి కింది మూడింటిని నొక్కేయడం మాత్రం తిరిగి గీయడంలోనే జరిగింది.

మహేంద్రగిరి గారూ, జతను విడదీయండి. మొదటి అంతస్తు బాల్కనీకి ఒక Array, Count 5. రెండో అంతస్తు బాల్కనీకి మరొకటి, Count 4. మొదటిది కూడా ఆ Countలోనే చేరుతుంది. రెండింటికీ Constant Offset, Z 6 మీటర్లు. Relative Offset వద్దు, అది వస్తువు ఎత్తును బట్టి జరుపుతుంది. మీ బాల్కనీ ఎత్తు శ్లాబు, రెయిలింగు కలిపి 1.15 మీటర్లే.

తరువాత Cryptomatteతో టవరుకు మాస్కు తీయండి. ఆకాశం, చెట్లు, రోడ్డు ఏఐతో గీయించి, టవరును మాత్రం మీ రెండర్ నుంచే పైన అతికించండి. ఆకాశంలో వెలుగు ఏ వైపు ఉందో, మీ బాల్కనీల నీడలు దానికి ఎదురువైపు పడుతున్నాయో లేదో చూసుకోండి.

కొల్లాబు
అలా అతికించిన టవరు కత్తిరించి పెట్టినట్టు ఉంటుంది. అద్దాల్లో పాత ఆకాశమే కనిపిస్తుంది, చుట్టూ కొత్త ఆకాశం.

రుషికుల్య
అది నిజమైన లోపమే. గీయించిన ఆకాశాన్నే ప్రతిబింబాలకు వాడి టవరును మళ్లీ రెండర్ చేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కొల్లాబు
అద్దాల వరకు మాస్కు వేసి వాటినీ ఏఐకి ఇస్తే?

రుషికుల్య
కిటికీ ఫ్రేములు మారతాయని నా అనుమానం. ఇంత చిన్న అద్దాల మీద ఎప్పుడూ చేసి చూడలేదు.

మహేంద్రగిరి
మోడలు సరిచేశాను, ఎడమ మూలలో తొమ్మిది, అన్నీ 60. ఈ రాత్రి రెండు విధాలా చేసి, ఏడో అంతస్తు కిటికీలను దగ్గరగా తీసి ఇక్కడ పెడతాను.