అప్‌డేట్: ఏ యాడ్ నుంచి కస్టమర్లు వస్తున్నారో ఇప్పుడు తెలుస్తోంది

నా ప్రశ్న: “ఫేస్‌బుక్ యాడ్స్ నుంచి ఫోన్ నంబర్లు బోలెడు వస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం లేవు. ఏ యాడ్ పనిచేస్తోందో సీఆర్ఎం చూసి చెప్పడం ఎలా?”

విజయవాడ పటమటలో మాది మాడ్యులర్ కిచెన్ల షాపు. మీరు చెప్పినట్టే ముందు సీఆర్ఎంలో లీడ్ల స్టేజీలు, అంటే యాడ్ నుంచి వచ్చిన ఒక్కో నంబర్ ఎంతదాకా వచ్చిందో చూపే దశలు, మార్చాను. ‘ఇంట్రెస్టెడ్’ అనేది మా సేల్స్ కుర్రాళ్ల అంచనా మాత్రమే. దాన్ని తీసేసి ‘కొలతలు తీసుకున్నాం’ అని పెట్టాను. అది జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. అడ్వాన్స్ రావడానికి మా దగ్గర నెలన్నర పడుతుంది. లీడ్ వచ్చిన 28 రోజుల్లోపు జరిగే స్టేజీ అయితేనే, యాడ్ ఎవరికి చూపాలో ఫేస్‌బుక్ నడిపే మెటా బాగా నేర్చుకుంటుంది కాబట్టి, కొలతల స్టేజీనే మెటాకు వెనక్కి పంపుతున్నాను.

మొదటి రెండు వారాలు నేను పంపిన వాటిలో ఒక్కటీ మెటా దగ్గరున్న లీడ్లతో మ్యాచ్ కాలేదు, చాలా టెన్షన్ పడ్డాను. తప్పు నాదే. మెటా నుంచి డౌన్‌లోడ్ చేసిన లీడ్ల షీట్‌లో ఒక్కో లీడ్ ఐడీ ముందు `l:` ఉంటుంది. దాన్ని తీసేయగానే స్ప్రెడ్‌షీట్ ఆ 16 అంకెలను మామూలు సంఖ్య అనుకుని చివరి అంకెను సున్నా చేసేసింది. ఐడీలన్నీ సున్నాతో ముగుస్తుంటే అనుమానం వచ్చింది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత `l:` తీస్తే సరిపోయింది.

‘ఉచిత డిజైన్’ యాడ్‌కు 84 లీడ్లు వస్తే కొలతల దాకా వచ్చినవి 3. ధర రాసిన యాడ్‌కు 31 వస్తే 9. రెండింటికీ పెట్టిన ఖర్చు దాదాపు ఒకటే. మొదటిది నిన్న ఆపేశాను.