అప్‌డేట్: అమ్మమ్మ క్యాసెట్ గొంతు తేటపడింది

నా పాత ప్రశ్న: "అమ్మమ్మ పాటల క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తోంది. కేబుల్ మార్చాలా, Audacity లో ట్రెబుల్ పెంచాలా?"

రెండూ కాదు. ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్ వాలు చూడమన్నవారిదే నిజం, వారికి థాంక్స్. కొత్త కేబుల్ డబ్బులు దండగ.

పూర్ణా మార్కెట్ దగ్గరి మెకానిక్ గారు ముందు హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచారు. దూదికి గోధుమరంగు పొడి అంటింది గానీ శబ్దం పెద్దగా మారలేదు. తర్వాత హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న స్క్రూకి మార్కరుతో గుర్తు పెట్టి, రెండు ఛానెళ్లూ మోనోలో కలిపి వింటూ, పావు చుట్టులోపే మెల్లగా తిప్పారు. ఒకచోట "స"లు సూదిలా విచ్చుకున్నాయి! అమ్మమ్మ టేపు వేరే మెషీన్లో రికార్డయింది, వాలు కలవలేదు, అంతే. బి సైడుకి మళ్లీ కొంచెం తిప్పాల్సి వచ్చింది. పని అయ్యాక స్క్రూ గుర్తు దగ్గరికే తెచ్చారు.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తిరిగి ఎక్కించి, ముట్టుకోని ఫైలుని FLAC గా రెండు డిస్కుల్లో దాచాను. నాయిస్ రిడక్షన్ కాపీ మీదే, 6 డెసిబెల్స్. 12 పెడితే అమ్మమ్మ నీళ్లలోంచి పాడింది. వెనక సముద్రపు గాలికి కిటికీ కొట్టుకునే చప్పుడు మాత్రం తీసేయలేదు.