బోర్డు మీద లేని మాట మ్యాప్స్ పేరులో పెట్టవచ్చా?

కొత్త షాపు: మా బోర్డు మీద ‘సిరి’ అని మాత్రమే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ‘సిరి మొబైల్ రిపేర్ స్క్రీన్ మార్పు’ అని పెడితే వెతికినవాళ్లకు పైన కనిపిస్తుందంటున్నారు. పెట్టవచ్చా? వీడియో వెరిఫికేషన్ ఇంకా చేయలేదు.

వేగం: పెట్టండి. పేరులో ఆ మాట ఉంటే పైకి రావడం నేను కళ్లారా చూశాను. కాకపోతే వెరిఫికేషన్ అయ్యాక మార్చుకోండి. అప్పుడిక ఎవరూ అడగరు.

తాళంచెవి: పైకి వస్తుందన్నది నిజమే, ఎవరూ అడగరన్నది మాత్రం కాదు. తర్వాత పేరు మార్చినా మళ్లీ వెరిఫికేషన్ అడగవచ్చు. పైగా ‘మార్పు సూచించండి’ అన్న బటన్ అందరికీ ఉంటుంది, పక్క షాపువాళ్లు మీ బోర్డు ఫొటోతో సహా పంపగలరు. లిస్టింగ్ సస్పెండ్ అయితే అప్పీల్‌లో మళ్లీ ఆ బోర్డే చూపించాలి కదా!

పేరు ‘సిరి’ అనే ఉంచండి. చేసే పని చెప్పడానికి కేటగిరీ ఉంది. ముఖ్య కేటగిరీగా మొబైల్ రిపేర్ షాపు ఎంచుకుని, స్క్రీన్ మార్పును సర్వీసుల్లో రాయండి. చాలామంది ‘ఎలక్ట్రానిక్స్ స్టోర్’ అని పెట్టి, రిపేర్ అని వెతికితే రావట్లేదని బాధపడతారు.

వీడియో మధ్యలో ఆపకుండా ఒకే షాట్‌లో తీయాలి, కనీసం 30 సెకన్లు ఉండాలి. రోడ్డు మీద మొదలుపెట్టి వీధి పేరు, పక్క షాపులు చూపించండి. తర్వాత మీ బోర్డు స్పష్టంగా కనబడాలి. ఆ పైన తాళం మీరే తీసి లోపలికి వెళ్లి, రిపేర్ బల్ల, పనిముట్లు చూపించండి. తాళం తీయడం ఎందుకంటే, షాపు ఉందని తేలితే చాలదు, అది మీ చేతిలో ఉందని కూడా తేలాలి. మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు రాకుండా చూసుకోండి.

ఇంటింటికీ: నేను ఇళ్లకు వెళ్లి వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాను. నాకసలు బోర్డే లేదు. ఇంటి అడ్రస్ ఇచ్చి, గేటుకు కాగితం అంటించి వీడియో తీశాను, రిజెక్ట్ అయింది. నేనూ బోర్డు రాయించాలా?

తాళంచెవి: అక్కర్లేదు. కస్టమర్లు మీ దగ్గరికి రారు కాబట్టి అడ్రస్ తీసేసి, మీరు వెళ్లే ప్రాంతాలు ఇవ్వండి. వీడియోలో మీరు ఉండే చోటు, పనిముట్లు, మీ వ్యాపారం పేరున్న బిల్లు పుస్తకం లాంటివి చూపించండి.

వేగం: సరే, పేరులో అదే మాట పెట్టి పైన కూర్చున్నవాళ్ల సంగతేంటి? నిజాయితీగా ఉన్నవాళ్లే కింద ఉండాలా?

తాళంచెవి: మీ కోపం అర్థమవుతుంది. అలాంటి పేర్లను నేనూ రిపోర్ట్ చేస్తుంటాను. కొన్ని మారాయి, కొన్ని అలాగే ఉన్నాయి.

కొత్త షాపు: బోర్డునే ‘సిరి మొబైల్ రిపేర్’ అని మళ్లీ రాయిస్తే?

తాళంచెవి: బిల్లుల మీద, జనం నోట కూడా అదే పేరైతే ఇబ్బంది లేదు. లిస్టింగ్ కోసమే బోర్డు మార్చడం నాకు నచ్చదు.

వేగం: నాకు నచ్చుతుంది. రిపేర్ చేస్తారని రోడ్డు మీద వెళ్లేవాళ్లకూ తెలియాలిగా! ముందు బోర్డు రాయించి, ఆ తర్వాతే వీడియో తీయండి.