సిమెంటు రేకులు తీసి కలర్ కోటెడ్ రేకులు వేయాలనుకుంటున్నాము: బిగింపు, శబ్దం, వేడి గురించి సలహా కావాలి

ఖమ్మంలోని మా మేడ మీద 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల గదికి ఇప్పుడు 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకులున్నాయి. జె బోల్టుల చుట్టూ పగుళ్లు వచ్చి కారుతున్నందున, వాటి స్థానంలో 0.5 మిల్లీమీటర్ల కలర్ కోటెడ్ రేకులు వేయించాలని నిర్ణయించుకున్నాము. మామూలు జింకు రేకు చవకే కానీ, తుప్పు భయంతో వద్దనుకున్నాము.

నా మొదటి సందేహం స్క్రూల గురించి. మేస్త్రి రేకు గాడిలో బిగిస్తే గట్టిగా కూర్చుంటుందంటున్నాడు. నీళ్లు పారేది గాడిలోనే కనుక గట్టు మీద బిగించడమే మేలని నాకు తోస్తోంది. అయితే గట్టు మీద ఎక్కువ బిగిస్తే రేకు నొక్కుకుపోయి, రబ్బరు వాషరు నలిగి అక్కడే కారదా?

వెలుతురు కోసం మధ్యలో 10 అడుగుల పాలీకార్బొనేట్ రేకు ఒకటి వేయాలి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే ఇనుప రేకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే సాగుతుంది, ఇది 8 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. దీనికి రంధ్రం స్క్రూ కంటే ఎంత పెద్దదిగా చేయాలి?

సిమెంటు రేకు కింద వాన చప్పుడు భరించదగినట్లే ఉండేది. ఇనుప రేకు కింద వెండిరంగు బబుల్ షీటు పరిస్తే వేడి తగ్గుతుందంటున్నారు. చప్పుడు కూడా తగ్గుతుందా, లేక ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగ్ వేయాలా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.