నల్లగొండలో ఫ్రీలాన్స్ ఎడిటింగా, హైదరాబాద్‌లో ఉద్యోగమా?

ఎడిటర్_నల్లగొండ: పెళ్లి వీడియోలు, యూట్యూబ్ వీడియోలు ఇంటి నుంచే ఎడిట్ చేస్తా. ముహూర్తాల నెలలో 70 వేలు వస్తాయి. ఆషాఢం, మూఢం వస్తే 20 వేలు కూడా కష్టం. హైదరాబాద్‌లో ఒక కంపెనీ 45 వేల ఉద్యోగం ఇస్తానంటోంది. పోవాలా, ఉండాలా?

పాలమూరు_పెద్దన్న: కళ్లు మూసుకుని చేరు తమ్మీ. ఒకటో తారీఖున జీతం, పైన పీఎఫ్. నేను సొంతంగా డిజైన్ పనులు చేసుకునే రోజుల్లో ఇంటి లోన్‌కు పోతే బ్యాంకోళ్లు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగారు. ఉద్యోగంలో చేరాక పే స్లిప్పులు చూసి ఇచ్చారు.

సూర్యాపేట_రవి: రిటర్నులు వేసి ఉంటే అప్పుడే ఇచ్చేవాళ్లు కదా అన్నా. ఒకటో తారీఖు గ్యారంటీ అని నమ్మిన నన్ను ఒక కంపెనీ ఒక్క మెయిల్‌తో ఇంటికి పంపింది. ఐదుగురు క్లయింట్లుంటే ఐదుగురూ ఒకే రోజు పోరు.



దేవరకొండ_పద్మ: 45 వేలు సీటీసీనా, చేతికొచ్చేదా? ముందు అది అడుగు. సీటీసీ అయితే బేసిక్ సగం, అంటే 22,500 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 2,700, గ్రాట్యుటీ కింద దాదాపు 1,080 ఆ 45 వేలలోంచే పోతాయి. నీ వాటా పీఎఫ్ ఇంకో 2,700, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీస్తే చేతికి 38,300 దాకా వస్తుంది. అందులోంచే హైదరాబాద్‌లో రూమ్, తిండి. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు నిండితేనే.

పాలమూరు_పెద్దన్న: పీఎఫ్ కట్ అయినా అది మన డబ్బే కదమ్మా. నెలకు 5,400 జమ, పైన వడ్డీ.

దేవరకొండ_పద్మ: మొత్తం కాకపోవచ్చన్నా. కొందరికి కంపెనీ వాటాలోంచి కొంత పెన్షన్ ఖాతాకు పోతుంది, అది పాస్‌బుక్‌లో వడ్డీతో పెరగదు. మిగతాది నిజమే.

సూర్యాపేట_రవి: అదే 5 వేలు నేను పీపీఎఫ్‌లో వేసుకుంటా. ఎవరు వద్దన్నారు?

పాలమూరు_పెద్దన్న: వేస్తున్నవా మరి? నిజం చెప్పు.

సూర్యాపేట_రవి: నా ఖాతా నీకెందుకు? నువ్వు క్లయింట్లను పట్టుకోలేక ఉద్యోగంలో దూరినవు, ఇప్పుడు ఊరందరినీ అందులోకే తోస్తున్నవు.

పాలమూరు_పెద్దన్న: మా అమ్మ ఆస్పత్రి బిల్లు కట్టలేక దూరిన. ఆ బాధ పడనోడు ఎన్నైనా మాట్లాడతడు.

దేవరకొండ_పద్మ: ఇద్దరూ ఆగండి. తమ్ముడూ, నీ పనిలో ఒకే చోటు నుంచి ఎంత వస్తుంది?

ఎడిటర్_నల్లగొండ: సగానికి పైగా ఒకే స్టూడియో నుంచి అక్కా. హార్డ్‌డిస్కులు ఆర్టీసీ కార్గోలో పంపుతరు, హైలైట్స్, ఫుల్ వీడియో చేసి పంపుతా. పాత బాకీ 40 వేలు ఆగింది, అడిగితే పార్టీ ఇయ్యలే అంటరు. అసలు సంగతి వేరే ఉంది. నాన్నకు పోయినేడు స్టెంట్ వేశారు. పెద్దన్న ఆస్పత్రి మాట ఎత్తేసరికి చెప్తున్న.

దేవరకొండ_పద్మ: అయితే అసలు లెక్క ఇన్సూరెన్స్‌ది. నువ్వు బయట నాన్నకు కొత్త పాలసీ తీసుకుంటే, వాళ్లు ఒప్పుకున్నా గుండె జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. చాలా కంపెనీల గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కానీ అందరూ తల్లిదండ్రులను చేర్చరు. కొన్నిచోట్ల భార్యాపిల్లల వరకే, ఇంకొన్నిచోట్ల తల్లిదండ్రుల ప్రీమియం నీ జీతంలోంచే కోస్తారు. హెచ్‌ఆర్‌ను మూడు అడుగు: అమ్మానాన్నలు ఉన్నారా, పాత జబ్బుకు ఎప్పటి నుంచి, ఎంత మొత్తం. జవాబు మెయిల్‌లోనే తీసుకో.

బాకీ సంగతి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అది ఉన్నవాళ్లకు, రాతలో ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటి బాకీ ఆపకూడదు. దాటితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పాత 40 వేలకు ఇది పనికొస్తుందని మాత్రం ఆశపెట్టుకోకు, ముందే నమోదై ఉండాలంటారు. ఇకపై సగం అడ్వాన్సు లేకుండా డిస్క్ తెరవకు. చూడ్డానికి వాటర్‌మార్క్ ఉన్న చిన్న ఫైల్ పంపు, మిగతా డబ్బు పడ్డాకే ఒరిజినల్.

సూర్యాపేట_రవి: అడ్వాన్సు అడిగితే ఆ స్టూడియో ఇంకొకడికి ఇస్తది అక్కా. నల్లగొండలో ఎడిటర్లు తక్కువున్నరా?

దేవరకొండ_పద్మ: ఇయ్యనీ. సగం పని ఒకరి చేతిలో పెట్టి, వాళ్లు డబ్బు ఆపినా నోరు మెదపకపోతే అది పీఎఫ్ లేని ఉద్యోగమే.

పాలమూరు_పెద్దన్న: నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

సూర్యాపేట_రవి: నువ్వు చెప్పింది పీఎఫ్ అన్నా, ఇన్సూరెన్స్ కాదు. ఇంకోటి, రేపు ఉద్యోగం పోతే ఆ కవర్ కూడా పోతది. అప్పుడు నాన్నకు మళ్లీ మొదటికొస్తది.

దేవరకొండ_పద్మ: పోయే ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగొచ్చు. ప్రీమియం వాళ్లు చెప్పినంత.

ఎడిటర్_నల్లగొండ: హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టిన. సోమవారం చెప్తమన్నరు. నాన్న పేరు లేకపోతే 38 వేలకు పోను. ఉంటే ఆదివారాలు యూట్యూబ్ పని చేసుకోనిస్తరా అని ఇంకోటి అడగాలె.

పాలమూరు_పెద్దన్న: అది అడగకు, ఉన్న ఆఫర్ పోతది.

సూర్యాపేట_రవి: అడుగు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి పని చేయొద్దని ఉంటే సంతకం పెట్టాక ఇరుక్కుంటవు.