రెండు రూపాయల వడ్డీకి 72 లెక్క సరిపోవట్లేదు, ఎక్కడ తప్పుతున్నాను?

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. మిర్చి పెట్టుబడికి మా బాపు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు, అంటే ఏడాదికి 24 శాతం. ఏటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తున్నారు. 72ని 24తో భాగిస్తే మూడేళ్లకు రెట్టింపు, కాబట్టి రెండు లక్షలు కట్టమంటున్నాడు అప్పిచ్చినాయన. నేను ఏడాదికేడాది లెక్క వేస్తే 1,24,000, తర్వాత 1,53,760, మూడో ఏడాదికి 1,90,662 మాత్రమే వచ్చింది. తొమ్మిది వేల పైన తేడా మాకు చిన్నది కాదు, టెన్షన్‌గా ఉంది.

వడ్డీ 8 శాతం దాటాక, పెరిగిన ప్రతి మూడు శాతానికి 72కు ఒకటి కలపాలని ఒకరన్నారు. అలా 77ని భాగిస్తే మూడేళ్ల రెండున్నర నెలలు. ఇది నమ్మొచ్చా? నెలనెలా వడ్డీ కలిపితేనే మూడేళ్లలోపు రెట్టింపవుతుందా? అసలులో కలపని బారువడ్డీకైతే 100ని భాగించాలి కదా?