రూటర్‌కి చిన్న యూపీఎస్ చాలా, ఇన్వర్టరే నయమా?

శ్రావణి (మియాపూర్): మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ లిఫ్టుకే. కరెంటు పోతే మీటింగ్ మధ్యలో నెట్ పోతోంది, ఒకటే టెన్షన్. రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు 1.5 ఆంపియర్లు, ఫైబర్ బాక్స్‌ది 12 వోల్టులు 1 ఆంపియర్, లైట్లు, డోర్ సెన్సర్లు నడిపే హబ్‌ది 5 వోల్టులు 1 ఆంపియర్. 12 వోల్టులు 2 ఆంపియర్లు, 10400 ఎంఏహెచ్ అని ఉన్న చిన్న యూపీఎస్ చూశాను. మూడింటికీ సరిపోతుందా? ఎంతసేపు వస్తుంది?

వెంకట్: సరిపోదు. లెక్క కట్టండి: 18, 12, 5 కలిపితే 35 వాట్లు. ఆ యూపీఎస్ ఇచ్చేది 24. ఇంకా పెద్దది కొనండి. టైముకేం ఢోకా లేదు, ఆంపియర్ చొప్పున లాగినా పది గంటలొస్తుంది.

రఘురాం: వెంకట్ గారూ, అడాప్టర్ మీద ఉండేది అది ఇవ్వగలిగినంత, పెట్టె తినేది కాదు. మామూలు ఇంటి రూటర్ ఆరేడు వాట్లు, ఫైబర్ బాక్స్ నాలుగు, హబ్ ఒకటి తింటాయి. మొత్తం 12 అనుకుందాం, 24లో సగమే. శ్రావణి గారు ప్లగ్గుకి పెట్టే వాట్ మీటర్ ఎవరి దగ్గరైనా తెచ్చి మూడూ కలిపి చూసుకుంటే ఊహతో పనుండదు.

పది గంటలు మాత్రం రాదు. ఆ 10400 అనేది లోపలి సెల్స్ వోల్టేజి 3.7 దగ్గర చెప్పే అంకె, 12 దగ్గర కాదు.

```
10.4 × 3.7 = 38.5 Wh
38.5 × 0.8 = 31 Wh
31 ÷ 12 = 2.6 గంటలు
```

వోల్టేజి పెంచేటప్పుడు పోయే నష్టానికి ఆ 0.8. కొత్తలో రెండున్నర గంటలు, రెండు మూడు వేసవులయ్యాక ఇంకా తక్కువ. వేడికి సెల్స్ త్వరగా పోతాయి, అందుకే దాన్ని రూటర్ నెత్తిన పెట్టకండి.

హబ్‌ని 5 వోల్టుల యూఎస్‌బీ పోర్టుకే పెట్టండి. 12 వోల్టుల వైరు పొరపాటున తగిలితే హబ్ కాలిపోతుంది.

ఫాతిమా (టోలిచౌకి): నాది వేరే గోల. కరెంటు పోయినప్పుడు బాగానే ఉంటుంది, వచ్చినప్పుడు రూటర్ రీస్టార్ట్ అవుతుంది! యూపీఎస్ మార్చి ఇచ్చారు, అదీ అంతే.

రఘురాం: యూపీఎస్‌కి కరెంటిచ్చే అడాప్టర్ ఎంతది అక్కా?

ఫాతిమా: పాత రూటర్‌ది, 12 వోల్టులు 1 ఆంపియర్. పిన్ను సరిపోయిందని అదే పెట్టా.

రఘురాం: అంటే 12 వాట్లే. కరెంటు రాగానే అది రూటర్‌నీ నడపాలి, ఖాళీ అయిన బ్యాటరీనీ నింపాలి. రెండూ కలిసి దాన్ని మించిపోతే వోల్టేజి పడిపోయి రూటర్ ఆగి మళ్లీ లేస్తుంది. 12 వోల్టులు 2 ఆంపియర్లది పెట్టి చూడండి. దానికి ముందు యూపీఎస్ ఇన్‌పుట్ ఎంత అడుగుతుందో దాని మీద చదవండి.

శేఖర్ బాబాయ్: ఇంత గొడవెందుకమ్మా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్లతో పాటు ఇదీ నడుస్తుంది. మా ఇంట్లో రాత్రంతా నడిచింది.

వెంకట్: బాబాయ్, మా ఇన్వర్టర్‌తో మారేటప్పుడు రూటర్ ఆగిపోయి, నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది.

రఘురాం: చాలావాటికి వెనకాల యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే మారే సమయం తగ్గి చాలా రూటర్లు తట్టుకుంటాయి. శేఖర్ గారి ఇంట్లో అలాగే ఉండొచ్చు. ఇన్వర్టర్ లేనివాళ్లు రూటర్ కోసమే కొనడం మాత్రం దండగ.

నవీన్: అసలు సంగతి వదిలేస్తున్నారు. మా బిల్డింగ్‌లో ఆపరేటర్ స్విచ్ సెల్లార్‌లో ఉంది, అక్కణ్నుంచి ఇంటికి లాన్ కేబుల్. కరెంటు పోతే అదే చస్తుంది, ఇంట్లో యూపీఎస్ ఉండి ఏం లాభం?

శ్రావణి: మాకు నేరుగా ఫైబరే వస్తుంది. అయినా అనుమానమే.

రఘురాం: ఫైబర్ అయితే దారిలో ఉండే స్ప్లిట్టర్‌కి కరెంటు అక్కర్లేదు, కానీ ఆపరేటర్ మెషీన్ ఉన్న చోట బ్యాకప్ ఉండాలి. కొనేముందు ఒకసారి కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాక్స్‌ని దాని అడాప్టర్‌తోనే ఇన్వర్టర్ ఉన్న పక్కింటి ప్లగ్గుకి పెట్టి, అదే ఫైబర్ వైరు అక్కడిదాకా అందితే చూడండి. LOS లైటు ఎర్రగా వెలిగితే అవతలి నుంచే సిగ్నల్ రావట్లేదు.

కొన్నాక ఇంకొకటి. ప్లగ్గు పీకి, మూడూ నడుస్తుండగా అవుట్‌పుట్‌కి మల్టీమీటర్ పెట్టండి. చివరిదాకా 12 దగ్గరే ఉండాలి. చవకవాటిలో కొన్ని సెల్స్ వోల్టేజినే నేరుగా వదిలేస్తాయి, 12.6తో మొదలై 9దాకా జారుతుంది. అప్పుడు యూపీఎస్ లైటు వెలుగుతూనే ఉంటుంది, రూటరే ఆగిపోతుంది.

వెంకట్: సగమే వాడుకున్నా ఇంకాస్త పెద్దది కొనడమే మంచిదని నా మాట. రూటర్ స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ లాగదా?

రఘురాం: లాగుతుంది, క్షణం సేపు. 24కి చేరుతుందని నాకైతే అనిపించదు. ఎవరైనా కొలిచి ఉంటే అంకె పెట్టండి.